రైట్స్ ఇష్యూ తర్వాత షేరు 100 నుంచి 88కి వచ్చింది. నేను నష్టపోయానా? 60 వేలు కట్టాలా, వదిలేయాలా?

తొలకరి_వాటా · సోమవారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నా దగ్గర ఒక కంపెనీవి 4,000 షేర్లు ఉన్నాయి. ఆ కంపెనీ ప్రతి 4 షేర్లకు 1 కొత్త షేరు చొప్పున రైట్స్ ఇష్యూ ప్రకటించింది. కొత్త షేరు ధర 60 రూపాయలు. ప్రకటన నాటికి మార్కెట్‌లో షేరు 100 దగ్గర ఉంది. ఎక్స్-రైట్స్ అయిన రోజు, అంటే షేరు కొన్నా ఈ హక్కు ఇక రాదన్న మొదటి రోజు, ఉదయం 92 దగ్గర మొదలైంది, ఇవాళ 88లో ముగిసింది.

నా ఖాతాలో ఇప్పుడు కంపెనీ పేరుతోనే ఇంకో వరుస కనిపిస్తోంది, 1,000 అని. దాని కొన్న ధర సున్నా అని చూపిస్తోంది. నాకు ఉచితంగా 1,000 షేర్లు వచ్చాయా? లేక 60 వేలు కడితేనే వస్తాయా? అంత డబ్బు ఇప్పుడు చేతిలో లేదు. గడువు వచ్చే సోమవారం. ఏమీ చేయకుండా వదిలేస్తే నా పాత 4,000 షేర్లు నాకు ఉంటాయి కదా, నష్టమేముంది అనిపిస్తోంది. కానీ ధర పడిపోవడం చూస్తే టెన్షన్‌గా ఉంది.

చార్టు_చూపు · సోమవారం రాత్రి 9:31

100 రూపాయల షేరు 60కే ఇస్తున్నారంటే షేరుకు 40 లాభం. 1,000 షేర్లకు 40 వేలు. ఎలాగైనా డబ్బు సర్ది కట్టేయండి. ధర పడిందని భయపడొద్దు, రైట్స్‌కు ముందు ఎప్పుడూ ఇలాగే ధరను ఆడించే ఆపరేటర్లు పడగొడతారు, తర్వాత మళ్లీ 100కి వస్తుంది.

పాత_కాగితం · సోమవారం రాత్రి 9:58

అమ్మా, కొన్న ధర సున్నా అంటే అది బోనస్ షేరు. నాకు ఇలా రెండుసార్లు వచ్చాయి. బోనస్‌కు డబ్బు కట్టక్కర్లేదు. ఊరికే ఉంచుకోండి, వాటంతట అవే షేర్లుగా మారతాయి.

పద్దు_పుస్తకం · సోమవారం రాత్రి 10:40

పెద్దాయన మంచి మనసుతోనే చెప్పారు గానీ, ఈ సలహా పాటిస్తే తొలకరి గారికి వేల రూపాయలు పోతాయి. అందుకే ముందు దీని సంగతి. ఆ 1,000 షేర్లు కావు. షేర్లు కొనుక్కునే హక్కులు మాత్రమే. ఒక్కో హక్కుకు 60 రూపాయలు జోడించి దరఖాస్తు పెడితేనే షేరు అవుతుంది. గడువు దాటితే ఆ వరుస ఖాతాలోంచి మాయమవుతుంది. కొన్న ధర సున్నా అని ఉన్నది మీరు వాటికి ఇంకా ఏమీ చెల్లించలేదు కాబట్టి.

ఇప్పుడు చార్టు గారి 40 లాభం. అందులో సగం నిజం ఉంది. మిగతా సగం తెలియాలంటే 100 నుంచి 92కి ఎందుకు దిగిందో చూడాలి. దానికి ఆపరేటర్లు అవసరం లేదు, కూడికలు చాలు.

రైట్స్‌కు ముందు మీ దగ్గర ఉన్న ప్రతి 4 షేర్ల విలువ 400. వాటికి తోడు మీరు 60 కట్టి ఇంకో షేరు తీసుకుంటారు. ఇప్పుడు 5 షేర్లు, వాటి వెనక మొత్తం విలువ 460.

(4 × 100 + 1 × 60) ÷ 5 = 92

పాత షేరు, కొత్త షేరు అనే తేడా మార్కెట్‌కు ఉండదు. అన్నీ ఒకటే. 60కి వచ్చినదీ 92 అవుతుంది, 100గా ఉన్నదీ 92 అవుతుంది. అంటే కొత్త షేరు మీద మీ లాభం 40 కాదు, 32. ఆ 32 ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి: 4 పాత షేర్లూ తలా 8 రూపాయలు తగ్గాయి. 4 ఎనిమిదులు 32. మీ ఎడమ జేబులోంచి తీసి కుడి జేబులో పెట్టారు. ఆ కుడి జేబే మీ ఖాతాలో కనిపిస్తున్న కొత్త వరుస. దాన్ని వదిలేస్తే ఎడమ జేబులోంచి పోయింది పోయినట్టే.

తొలకరి_వాటా · సోమవారం రాత్రి 11:05

అయితే నేను ఏమీ చేయకపోతే నష్టమేనా? నా షేర్లు ఒక్కటి కూడా తగ్గవు కదా అనుకున్నాను.

పద్దు_పుస్తకం · సోమవారం రాత్రి 11:32

షేర్లు తగ్గవు, వాటి విలువ తగ్గుతుంది. మీ లెక్కే వేద్దాం. ముందు 92 ధర మీద వేస్తాను, 88 సంగతి తర్వాత.

రైట్స్‌కు ముందు మీ ఆస్తి 4,00,000. పూర్తిగా కడితే 5,000 షేర్లు, ఒక్కోటి 92 చొప్పున 4,60,000. అందులో 60,000 మీ జేబులోంచి వెళ్లింది. తీసేస్తే 4,00,000.

కట్టకుండా హక్కుల్ని మార్కెట్‌లో 32 చొప్పున అమ్మేస్తే చేతికి 32,000. పాత 4,000 షేర్లు 3,68,000. కలిపితే మళ్లీ 4,00,000.

ఏమీ చేయకపోతే 3,68,000. అంతే. 32,000 మీరు ఎవరికో ఇచ్చేసినట్టు.

కాబట్టి కట్టాలా, అమ్మాలా అన్నది మీ డబ్బు పరిస్థితిని బట్టి, కంపెనీ మీద మీ నమ్మకాన్ని బట్టి. ఈ లెక్కలో రెండూ సమానమే. వదిలేయడం ఒక్కటే సమానం కాదు.

నిలకడ · మంగళవారం ఉదయం 7:15

నా అనుభవం చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. వేరే కంపెనీ రైట్స్ అప్పుడు నాకు పాత షేర్లు లేవు. మార్కెట్‌లో ఆ హక్కులు 30 రూపాయల చుట్టూ దొరుకుతున్నాయి. అసలు షేరు 90 ఉంటే ఇది 30కే వస్తోంది, పేరూ దాదాపు అదే అని 500 కొన్నాను. దాని మీద ఇంకా ఇష్యూ ధర కట్టాలని నాకు తెలియదు. గడువు అయిపోయాక చూస్తే ఖాతాలో ఏమీ లేదు. 15 వేలు పూర్తిగా పోయాయి. బ్రోకర్‌కు ఫోన్ చేస్తే మీరు దరఖాస్తు పెట్టలేదు కదండీ అన్నారు. వాళ్ల తప్పు లేదు, నిబంధనల కాగితంలో అంతా రాసే ఉంది.

ఇంకో సంగతి. హక్కులు కొనడానికి, అమ్మడానికి ఉండే గడువు దరఖాస్తు గడువు కంటే కొన్ని రోజుల ముందే ముగుస్తుంది. తొలకరి గారూ, వచ్చే సోమవారం అని మీరు రాసింది ఏ గడువో చూసుకోండి.

తొలకరి_వాటా · మంగళవారం ఉదయం 8:02

చాలా థాంక్స్ అండి. ఇప్పుడే చూశాను. సోమవారం దరఖాస్తుకు ఆఖరు రోజు. హక్కులు అమ్ముకోవడానికి ఈ గురువారమే ఆఖరు. మీరు చెప్పకపోతే శుక్రవారం అమ్ముదామని కూర్చునేదాన్ని.

ఫైనల్_పరీక్ష · మంగళవారం మధ్యాహ్నం 1:20

ఇదే పాఠం చదువుతున్నాను, నాదో సందేహం. మార్కెట్ ధర 100 ఉండగా 60కి ఇస్తే కంపెనీకి షేరుకు 40 నష్టం కదా. 25 లక్షల కొత్త షేర్లు అనుకుంటే 10 కోట్లు. దాన్ని షేర్ల జారీపై తగ్గింపు అని ఖర్చు కింద రాయాలా? మా మోడల్ ప్రశ్నలో ముఖవిలువ 10 అని ఇచ్చారు.

పద్దు_పుస్తకం · మంగళవారం మధ్యాహ్నం 2:05

రాయకూడదు తమ్ముడూ. మార్కెట్ ధర కంపెనీ పుస్తకాల్లోకి రాదు. పుస్తకాలకు తెలిసినవి రెండే: ముఖవిలువ ఎంత, చేతికి ఎంత వచ్చింది. ముఖవిలువ 10, వచ్చింది 60. పుస్తకం దృష్టిలో ఇది తగ్గింపు కాదు, 50 రూపాయల ప్రీమియం. 60ని 100తో పోల్చుకునేది మార్కెట్, పుస్తకం పోల్చేది 10తో.

ఇష్యూ ప్రకటించిన రోజున పద్దు ఏమీ ఉండదు, డబ్బు కదలలేదు కాబట్టి. దరఖాస్తు డబ్బు వచ్చినప్పుడు బ్యాంకు ఖాతా డెబిట్, షేర్ల దరఖాస్తు ఖాతా క్రెడిట్. షేర్లు కేటాయించేదాకా ఆ డబ్బు కంపెనీది కాదు, తిరిగి ఇవ్వాల్సి రావచ్చు, అందుకే అప్పటిదాకా అది బాధ్యతే. నువ్వు చెప్పిన 25 లక్షల షేర్లకు 60 చొప్పున 15 కోట్లు. కేటాయింపు రోజున దరఖాస్తు ఖాతాను 15 కోట్లకు డెబిట్ చేసి, 2.5 కోట్లు మూలధనానికి, 12.5 కోట్లు సెక్యూరిటీస్ ప్రీమియానికి క్రెడిట్ చేస్తారు. ఇష్యూకు అయిన ఖర్చులు, అంటే మర్చంట్ బ్యాంకర్ల ఫీజు లాంటివి 30 లక్షలు అనుకుందాం. వాటిని లాభనష్టాల్లో వేయరు, ఈక్విటీలోంచే తీసేస్తారు. ప్రీమియం 12.2 కోట్లకు దిగుతుంది.

పరీక్షలో ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. నువ్వు అడిగిన 10 కోట్లను ఎక్కడో ఒకచోట రాయాలని చూస్తారు. రాయడానికి ఖాతా లేదు.

చార్టు_చూపు · మంగళవారం సాయంత్రం 6:44

సరే, 92 లెక్క ఒప్పుకుంటాను. పాత షేర్లు తగ్గుతాయన్నది నేను చూసుకోలేదు. కానీ ఒకటి మాత్రం తప్పు అనిపిస్తోంది. కంపెనీ 60కి కాకుండా 90కి ఇచ్చి ఉంటే పాతవాళ్లకు మేలు కదా? ఇంత చవగ్గా ఇవ్వడం వల్లే ధర ఇంత పడింది.

పద్దు_పుస్తకం · మంగళవారం రాత్రి 9:15

మంచి ప్రశ్న. అసలు ఈ విషయంలో జనాన్ని ఎక్కువ తికమక పెట్టేది ఇదే. అందుకని ఎదురు వైపు తీసుకుందాం. 60 కాదు, ఇంకా చవగ్గా 30కే ఇచ్చారనుకోండి. కంపెనీకి కావాల్సింది అదే 15 కోట్లు. అప్పుడు 25 లక్షల షేర్లు చాలవు, 50 లక్షలు కావాలి. నిష్పత్తి ప్రతి 2కి 1 అవుతుంది.

(2 × 100 + 1 × 30) ÷ 3 = 76.67

ధర 92 కాదు, 76.67 దాకా దిగుతుంది. చూడటానికి భయంకరం. కానీ తొలకరి గారికి ఈసారి 2,000 హక్కులు వస్తాయి. 30 చొప్పున కట్టాల్సింది అదే 60,000. మొత్తం 6,000 షేర్లు 76.67 చొప్పున 4,60,000. పైసా తేడా లేదు. ధర తగ్గించినప్పుడు ఆ తగ్గింపు పాత వాటాదారులకే, వాళ్ల వాటా ప్రకారమే వెళ్తుంది. కేకును 4 ముక్కలు చేసినా 6 ముక్కలు చేసినా కేకు అంతే.

బయటివాళ్లకు 30కి అమ్మితే మాత్రం కథ వేరు. అప్పుడు తగ్గింపు అంతా పరాయివాళ్ల జేబులోకి వెళ్తుంది. పాత వాటాదారులకు ముందు అవకాశం ఇవ్వాలన్న నియమం చాలా దేశాల చట్టాల్లో ఉన్నది ఇందుకే.

అయితే తేడా పడే చోటు ఒకటి ఉంది. ఏమీ చేయకుండా కూర్చున్నవాళ్లు. 60 ధర మీద తొలకరి గారు వదిలేస్తే పోయేది 32,000. 30 ధర మీద వదిలేస్తే 4,000 షేర్లు 76.67 చొప్పున 3,06,667, అంటే పోయేది 93,333. తగ్గింపు ఎంత పెద్దదైతే పట్టించుకోనివాడికి దెబ్బ అంత పెద్దది. ధరలో అన్యాయం లేదు గానీ, ఉత్తరం విప్పి చూడని ముసలివాళ్ల మీద, ఖాతా మరచిపోయినవాళ్ల మీద ఇది పడుతుంది. ఈ విషయంలో నాకు నిజంగా బాధగా ఉంటుంది.

చార్టు_చూపు · మంగళవారం రాత్రి 9:50

అయితే అన్ని కంపెనీలూ 90కే ఇస్తే ఆ ముసలివాళ్లకు కూడా నష్టం ఉండదుగా?

పద్దు_పుస్తకం · మంగళవారం రాత్రి 10:22

90కి ఇస్తే ప్రమాదం కంపెనీకి. ఇష్యూ ముగిసేలోగా మార్కెట్ ధర 90 కిందకి జారితే, బయట 85కి దొరికేదాన్ని 90 పెట్టి ఎవరు తీసుకుంటారు? 2008లో బ్రిటన్‌లో హెచ్‌బాస్ బ్యాంకుకు ఇదే జరిగింది. ప్రతి 5 షేర్లకు 2 చొప్పున, 275 పెన్స్ ధరకు 400 కోట్ల పౌండ్ల రైట్స్ ఇష్యూ. గడువు ముగిసేలోపే మార్కెట్ ధర 275 కిందకి పడింది. వాటాదారులు తీసుకున్నది 8 శాతం పైచిలుకు మాత్రమే. మిగిలిపోయిన షేర్లు తామే తీసుకుంటామని ముందే ఒప్పుకున్న అండర్‌రైటర్లు ఉన్నారు కాబట్టి కంపెనీకి డబ్బు వచ్చింది. మిగిలిన షేర్ల భారం అండర్‌రైటర్ల మీద పడింది. ఆ భరోసా ఊరికే రాదు, దానికి ఫీజు ఉంటుంది, ఆ ఫీజు భరించేది కూడా వాటాదారులే. తగ్గింపు అంటే ఒక రకంగా ఆ ఫీజుకు బదులు పెట్టుకునే రక్షణ. ఇష్యూ ధర ఎంత కింద పెడితే మార్కెట్ అక్కడిదాకా పడే అవకాశం అంత తక్కువ.

నిలకడ · బుధవారం ఉదయం 6:50

ఇక్కడ నాకో సందేహం ఉంది. 92 రావాల్సిన చోట ఇప్పుడు 88 ఎందుకుంది? లెక్క తప్పా?

పద్దు_పుస్తకం · బుధవారం ఉదయం 8:30

లెక్క తప్పు కాదు. 92 అన్నది మరే మార్పూ లేకపోతే ఉండాల్సిన ధర. 100 నుంచి 92 దాకా దిగినది కూడికల వల్ల. 92 నుంచి 88 దాకా దిగినది మార్కెట్ అభిప్రాయం వల్ల. ఆ 4 రూపాయలే అసలైన నష్టం, మిగతా 8 కాదు. ఈ రెండింటినీ విడదీసి చూడకపోతే జనం 12 శాతం పోయిందని గుండె బాదుకుంటారు.

ఆ 4 ఎందుకో కంపెనీ ప్రకటనలో వెతకాలి. 15 కోట్లు కొత్త ప్లాంటుకా, పాత అప్పు తీర్చడానికా? డబ్బు కోసం ఇబ్బంది పడుతున్నారని మార్కెట్ అనుకుంటే ఇలా దిగుతుంది. అలాగే హక్కులు అమ్మి డబ్బు తెచ్చుకునేవాళ్లు ఎక్కువగా ఉన్నప్పుడు కొన్ని రోజులు ఒత్తిడి ఉంటుంది. ఈ రెంటిలో ఏదో నేను ఇక్కడి నుంచి చెప్పలేను.

తొలకరి_వాటా · బుధవారం ఉదయం 9:12

ప్రకటన చదివాను. 15 కోట్లలో 11 కోట్లు బ్యాంకు అప్పు తీర్చడానికే అని ఉంది. ఇవాళ షేరు 88లోనే ఉంది, హక్కు ధర 26 చూపిస్తోంది. 88లోంచి 60 తీస్తే 28 రావాలి కదా, 2 తక్కువ ఎందుకు? నా దగ్గర 60 వేలు లేవు, కానీ పూర్తిగా అమ్మేయాలని కూడా లేదు.

పద్దు_పుస్తకం · బుధవారం ఉదయం 10:05

ఆ 2 తేడా మామూలే. ఇవాళ హక్కు కొన్నవాడు 60 కట్టి, కేటాయింపు అయ్యేదాకా ఆగాలి. ఈలోపు షేరు పడొచ్చు. ఆ ఎదురుచూపుకు తగ్గించుకుంటాడు.

మీకు మధ్య దారి ఉంది. కొన్ని హక్కులు అమ్మి, ఆ డబ్బుతోనే మిగతావాటికి కట్టండి. 700 హక్కులు 26 చొప్పున అమ్మితే 18,200. మిగిలిన 300కి 60 చొప్పున 18,000. జేబులోంచి ఏమీ పెట్టకుండా 4,300 షేర్లు అవుతాయి, మిగిలే 200 బ్రోకరేజీకి పోతుంది. మీ వాటా శాతం కొంచెం తగ్గుతుంది, విలువ మాత్రం వృథా కాదు.

పాత_కాగితం · బుధవారం ఉదయం 11:40

మొదట తప్పు చెప్పినందుకు ఏమనుకోకమ్మా. నేను బోనస్‌తో కలిపేశాను. ఒక్కటి అడుగుతాను. వాటా శాతం తగ్గితే ఏమవుతుంది? మనలాంటి చిన్నవాళ్లకు దాంతో పనేముంది?

పద్దు_పుస్తకం · బుధవారం మధ్యాహ్నం 12:30

చిన్నవాళ్లకు పెద్దగా ఏమీ కాదండి. కోటి షేర్లలో 4,000 అంటే 0.04 శాతం, అది 0.032 అయినా ఓటింగ్‌లో తేడా పడదు. కానీ 26 శాతం ఉన్నవాళ్లు వదిలేస్తే 20.8కి దిగుతారు. నాలుగింట మూడొంతుల మెజారిటీ కావాల్సిన తీర్మానాన్ని ఒంటరిగా ఆపే బలం అక్కడితో పోతుంది. ఇంకోవైపు, మనం వదిలేసిన షేర్లకు అదనపు దరఖాస్తు పెట్టి తీసుకునేది చాలాసార్లు పెద్ద వాటాదారే. మీరు వదిలిన 32 రూపాయలు ఎవరికి చేరిందంటే, జవాబు అదే.

ఫైనల్_పరీక్ష · బుధవారం సాయంత్రం 7:18

నాకు ఇంకొకటి. పోయినేడు లాభం 8 కోట్లు, కోటి షేర్లు, అంటే షేరుకు వచ్చే లాభం, ఈపీఎస్, 8. ఈ ఏడాది లాభం 9.6 కోట్లు, రైట్స్ మూడు నెలలు గడిచాక వచ్చాయి. నేను వేస్తే పోయినేటి కంటే ఈపీఎస్ కొంచెం తగ్గింది, కానీ జవాబులో పెరిగిందని ఉంది.

పద్దు_పుస్తకం · బుధవారం రాత్రి 9:40

పోయినేటి 8ని అలాగే వదిలేశావు. 100 షేరును 60కి ఇచ్చినప్పుడు అందులో కొంత నిజమైన అమ్మకం, కొంత ఉచిత బోనస్ లాంటిది. అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఏఎస్ 33 ప్రకారం ఆ బోనస్ భాగం ఎప్పటి నుంచో ఉన్నట్టే లెక్కించాలి. 100ని 92తో భాగించిన గుణకంతో పాత షేర్ల సంఖ్యను పెంచు. పోయినేటి ఈపీఎస్ 8 × 92 ÷ 100 = 7.36 అవుతుంది. ఈ ఏడాది మొదటి మూడు నెలల షేర్లకూ అదే గుణకం వేస్తే సగటు 1.209 కోట్ల షేర్లు, ఈపీఎస్ 7.94. అంటే 7.36 నుంచి 7.94కి, దాదాపు 8 శాతం పెరిగింది. 8తో పోల్చితే తగ్గినట్టు కనిపిస్తుంది.

చార్టు గారూ, ఇది మీకు కూడా. పాత ధరల చార్టును ఇదే గుణకంతో సరిచేశారో లేదో చూసుకోండి. సరిచేయని చార్టులో 100 నుంచి 92కి పెద్ద గ్యాప్ కనిపించి, లేని అమ్మకాన్ని ఉన్నట్టు చూపిస్తుంది.

చార్టు_చూపు · బుధవారం రాత్రి 10:15

నా చార్టులో సరిచేయలేదు. ఇప్పుడే గమనించాను. అయినా నా అభిప్రాయం ఒకటి మిగిలి ఉంది. అప్పు తీర్చడానికి రైట్స్ తెచ్చే కంపెనీకి ఇంకా డబ్బు పెట్టడం ఎందుకు? నేనైతే హక్కులన్నీ అమ్మేస్తాను.

నిలకడ · బుధవారం రాత్రి 10:48

నేను ఒప్పుకోను. 11 కోట్ల అప్పు తీరితే వడ్డీ భారం పోతుంది. ఆ అప్పు మీద వడ్డీ ఎంతో తెలియకుండా మంచిదో చెడ్డదో ఎలా చెబుతాం?

తొలకరి_వాటా · గురువారం ఉదయం 11:25

ఉదయం 700 హక్కులు అమ్మకానికి పెట్టాను. 27కి పోయాయి, 18,900 వస్తుంది. ఆ డబ్బు రేపు ఖాతాలో పడగానే 300కి దరఖాస్తు పెడతాను. 26 మీద వేసిన లెక్క కంటే 700 ఎక్కువే మిగిలింది. వడ్డీ వివరం కోసం బ్యాలెన్స్ షీటు తీశాను, అప్పు రెండు బ్యాంకుల్లో ఉంది, ఒకదానికే రేటు రాశారు.

ఫైనల్_పరీక్ష · గురువారం మధ్యాహ్నం 12:03

తొలకరి గారి 18,900 ఇప్పుడు లాభమా, లేక పాత 4,000 షేర్ల కొన్న ధరలోంచి తగ్గించాలా? మా పుస్తకంలో రెండు రకాలుగానూ ఉంది.

పద్దు_పుస్తకం · గురువారం మధ్యాహ్నం 1:10

పాత షేర్లు ఎంతకు కొన్నారన్నది ముందు చెప్పాలి. హక్కు విలువ కూడా కలిసి ఉన్న ధరకు ఈమధ్యే కొని, ఎక్స్-రైట్స్ ధర దానికంటే కిందకి వెళ్లి ఉంటే, తగ్గించుకోవడమే సబబు అని నా అభిప్రాయం. ఎప్పుడో 40కి కొని ఉంటే వచ్చినది ఆదాయం అనడం న్యాయం. పన్ను లెక్కకు ఇది వర్తిస్తుందని అనుకోవద్దు, అది ఎక్కడి చట్టం అక్కడ వేరు. తొలకరి గారూ, మీరు కొన్న ధర ఎంత?

తొలకరి_వాటా · గురువారం మధ్యాహ్నం 1:42

2,500 షేర్లు 55కి, మిగతా 1,500 ఈ ప్రకటన వచ్చిన వారంలోనే 99కి కొన్నాను.

ఫైనల్_పరీక్ష · గురువారం మధ్యాహ్నం 1:50

అయితే 18,900ని రెండుగా విడదీయాలా?